తొట్టెల నాడు పెద్దతాత చెప్పిన భద్రం

పోయిన నెల నాగోలులోని ఒక ఫంక్షన్ హాలులో మా అక్క మనవరాలిని తొట్టెలలో వేశారు. మెట్లు ఎక్కుతుండగానే నాకు వస వాసన తగిలింది. వస కొమ్మును దీపం మీద కాల్చి సానమీద అరగదీసినప్పుడు వచ్చే ఆ ఘాటును ఒకసారి ఎరిగినవాళ్ళు మరిచిపోలేరు. పక్క గదిలో ఎవరో పెద్దావిడ పాత అలవాటు మానుకోలేక చిన్న సాన, కొమ్ము వెంట తెచ్చుకుని కూర్చుంది. ఆ వాసనతో పాటే ఒక గొంతు కూడా నాకు వినబడింది. "నాలుకకైతే వస అరగదీస్తున్నారు, మరి చెవికి ఏం అరగదీస్తున్నారమ్మా?" అని అడిగిన గొంతు అది. ఆ మాట అన్న మా పెద్దతాత పోయి చాలా ఏళ్ళయింది.

హాలులో పురోహితుడు అప్పటికే శాంతిమంత్రం అందుకున్నాడు. "భద్రం కర్ణేభిశ్శృణుయామ దేవాః" అన్న మొదటి పాదం ఇంకా పూర్తి కాకముందే, వేదిక పక్కన పాటలు పెట్టే కుర్రవాడు పెట్టె మీట నొక్కి "హలో, హలో" అన్నాడు. తల్లి ఒడిలో నిద్రపోతున్న ఇరవై ఒక్క రోజుల పిల్ల రెండు చేతులూ ఒక్కసారిగా బార్లా చాచి, వేళ్ళు విప్పి, గాలిని పట్టుకోబోయినట్టు మళ్ళీ గుండెల మీదికి ముడుచుకుంది. ఏడవలేదు, ముఖం మాత్రం ఎర్రబడింది. ఒళ్ళో పెట్టుకున్న తల్లి మా మేనకోడలు సుభద్ర. ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకే సంగతి గుర్తుకు వచ్చిందని ఆ చూపుతోనే తెలిసింది, ఎందుకంటే ఆ మంత్రానికి అర్థం మా ఇంట్లో మొదటిసారి విప్పి చెప్పింది ఆమె తొట్టెల నాడే.

*

పెద్దతాత అంటే మా తాతకు అన్న. భువనగిరి దగ్గర మా ఊళ్ళో ఉండేవాడు. బడిలో తెలుగు పండితుడిగా పనిచేసి దిగిపోయాడు. వ్యవసాయదారుల ఇంట పుట్టి సంస్కృత వ్యాకరణం పట్టుబట్టి చదువుకున్న మనిషి కాబట్టి ఊళ్ళో తగవులు తీర్చాలన్నా, పెళ్ళిపత్రిక రాయించుకోవాలన్నా ఆయన అరుగు దగ్గరికే వచ్చేవారు. అందరూ ఆయనను "పంతులు సారు" అనే పిలిచేవారు. ఆయన అసలు పేరు పలకడానికి ఊళ్ళో చాలామందికి మొహమాటంగా ఉండేది.

ఆ పేరు ఇక్కడ రాయను కానీ, ఏ కోవకు చెందినదో చెబుతాను. పుట్టిన పిల్లలు వరసగా పోతుంటే ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇరుగమ్మ చేత ఎత్తించుకుని పెంటయ్య అని పిలవడం, తవుడిచ్చి కొనుక్కున్నట్టు నటించి తవిటయ్య అనడం, ఎంగిలి విస్తళ్ళ మీద పొర్లించి పుల్లయ్య అనడం మన ఊళ్ళలో ఉండేది. ఇంత హీనమైన పేరున్న బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని ఆ తల్లుల నమ్మకం. పెద్దతాతకు ముందు ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు. ఆయనకు పెట్టినది కూడా అలాంటి పేరే. బడిలో చేరిన నాటి నుంచి పింఛను కాగితాల దాకా ఆ పేరుతోనే గడిచింది. మార్చుకోవడానికి వీలున్నా మార్చుకోలేదు.

ఆయన హైదరాబాదుకు వచ్చే రోజు మాకు పండుగలా ఉండేది. అప్పటికి ఇమ్లీబన్ బస్టాండు లేదు. బస్సులన్నీ గౌలిగూడలోని ఆ పెద్ద రేకుల గుమ్మటం కిందికి వచ్చి ఆగేవి. లోపల కండక్టర్ల కేకలు, ఇంజన్ల రొద, పళ్ళవాళ్ళ అరుపులు రేకులకు తగిలి తిరిగి మీద పడుతుంటే పక్కన ఉన్న మనిషి మాట కూడా అర్థమయ్యేది కాదు. నేను ఎదురు వెళ్ళేవాణ్ణి. ఆయన బస్సు దిగి, ఏమీ మాట్లాడకుండా సంచి నా చేతికిచ్చి, వీధిలోకి వచ్చాకే "ఎట్లున్నవ్ బిడ్డా?" అని అడిగేవాడు. ఒకసారి ఎందుకలా అని అడిగితే, "అక్కడ అడిగితే నువ్వు చెప్పేది నాకు వినపడదు, వినపడని చోట క్షేమం అడగడం మర్యాద కాదు" అన్నాడు. వీధిలోకి వచ్చాక ఆయన అడిగిన తీరు, జవాబు చెప్పేదాకా నడక ఆపి నిలబడిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఆకాశవాణిలో పొద్దున ఏడుకు అయిదు నిమిషాల ముందు వచ్చే సంస్కృత వార్తలంటే ఆయనకు ప్రాణం. "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్" అన్న గొంతు వినబడగానే కాఫీ గ్లాసు కింద పెట్టేవాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ అయిదు నిమిషాలు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది.

*

సుభద్ర మా అక్కకు మూడో ఆడపిల్ల. తొట్టెల అక్క పుట్టింటి వైపు చేయాలి గనుక, బర్కత్‌పురాలో మేము అద్దెకుంటున్న ఇంటి డాబా మీద షామియానా వేశాము. కాచిగూడలో రైలు కూత వేస్తే అక్కడికి స్పష్టంగా వినబడేది. నలభై మంది దాకా వచ్చారు. ఇత్తడి తాంబాళంలో బియ్యం పరిచి, బంగారు ఉంగరం సిద్ధంగా పెట్టారు. పిల్ల మేనత్త తొట్టెల పట్టీలకు పూలు చుడుతోంది. ఒక మూల మా అమ్మ వస అరగదీస్తోంది.

పేరు ఇంకా తేలలేదు. బావ వాళ్ళ ఇంట ఒకటి అనుకున్నారు, మా అక్క మనసులో మరొకటి ఉంది. ఆ తర్జనభర్జన మధ్య, చుట్టాలలో ఒక పెద్దావిడ తొట్టెలలోకి తొంగిచూసి, "మళ్ల ఆడివిల్లేనా? 'చాలు' అని పెట్టుండ్రి పేరు, గప్పుడన్న కొడుకు పుడ్తడు" అన్నది. కొందరు నవ్వారు. ఆవిడ చెడ్డది కాదు, ఆ మాట ఆవిడ కూడా ఎక్కడో విన్నదే. కానీ మా అక్క కళ్ళు దించుకుంది, చెంగు అంచును వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. బావ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అనకపోయినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పురోహితుడు శాంతిమంత్రం ముగించి సంకల్పానికి సిద్ధమవుతుండగా పెద్దతాత లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఒక్క పావుగంట నాకిప్పించండి. ఇప్పుడు మీరు చదివిన మంత్రం వీళ్ళకు విప్పి చెప్పి కూర్చుంటాను" అన్నాడు. పురోహితుడు పెద్దాయన, సంతోషంగా తలూపాడు. అప్పుడే మా అమ్మ వైపు తిరిగి, మొదట రాసిన ఆ వస ప్రశ్న అడిగాడు. అమ్మ చేయి సాన మీద ఆగిపోయింది.

*

ఆయన మాట్లాడిన తీరు నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను. పాఠం చెప్పేటప్పుడు ఆయన ఊరి మాట వదిలి గ్రంథపు భాషలోకి వెళ్ళేవాడు.

"ఈ ఋక్కు ఋగ్వేదం మొదటి మండలం ఎనభై తొమ్మిదో సూక్తంలోనిది. రహూగణుని కొడుకు గోతముడు దీని ఋషి. విశ్వేదేవులను, అంటే దేవతలందరినీ కలిపి పిలుస్తున్నాడు. 'దేవతలారా, మేము చెవులతో భద్రమైనదే విందుము గాక. పూజింపదగినవారలారా, కన్నులతో భద్రమైనదే చూతుము గాక. గట్టి అవయవాలతో, శరీరాలతో మిమ్మల్ని స్తుతిస్తూ, దేవతలు ఉంచిన ఆయువును పొందుదుము గాక.' ఇంతే దీని అర్థం. అయితే ఒక్కొక్క మాట దగ్గర కాస్త ఆగాలి.

"భద్రం అన్న మాట మీకు కొత్తది కాదు. మీ పిల్లవాడు ఊరికి బయలుదేరితే గుమ్మంలో నిలబడి 'భద్రం నాయనా' అంటారు. అప్పుడు మీ మనసులో ఉన్నది ఏమిటి? వాడికి ఏ హానీ కలగకూడదని. వేదంలో ఈ మాటకు శుభమని, మేలని అర్థం. తెలుగు తల్లి నోట్లో పడి అది కాపాడేది, దాచి ఉంచేది అయింది. రెండూ కలిపి తీసుకోండి. వినడానికి ఇంపుగా ఉన్నదల్లా భద్రం కాదు, విన్నవాడిని కాపాడేది భద్రం.

"ఇప్పుడు కర్ణేభిః. మనిషికి రెండు చెవులు. ఒక్కడు తన కోసం అడుక్కుంటే కర్ణాభ్యాం అనాలి. అలా అడిగిన చోటు కూడా ఉంది. తైత్తిరీయంలో ఒక విద్యార్థి 'జిహ్వా మే మధుమత్తమా, కర్ణాభ్యాం భూరి విశ్రువం' అంటాడు. నా నాలుక మిక్కిలి తీయగా ఉండాలి, నా రెండు చెవులతో నేను చాలా వినాలి అని. చదువుకునే పిల్లవాడు కదా, చాలా వినాలి, న్యాయమే. ఇక్కడ మాత్రం కర్ణేభిః, అనేక చెవులతో. శృణుయామ, మేము వినాలి. అక్కడ నేను, ఇక్కడ మేము. అక్కడ చాలా, ఇక్కడ మంచి. ఈ డాబా మీద నలభై మందిమి ఉన్నాం, ఎనభై చెవులు. ఆ పసిదానివి కలిపితే ఎనభై రెండు. గోతముడు అడిగింది ఆ ఎనభై రెండు చెవులకూ కలిపి. ఒక చెవిలో చెడ్డమాట పడితే ఆ ప్రార్థన అక్కడికి కుంటుపడినట్టే."

ఇక్కడ ఆయన ఆ పెద్దావిడ వైపు చూడలేదు. చూస్తాడేమోనని మేమందరం భయపడ్డాము. ఆయన తాంబాళంలోని బియ్యం వైపు చూస్తూ కొనసాగించాడు.

"శృణుయామ అన్నది మీరు రోజూ వింటున్న మాటే. పొద్దున రేడియోలో శ్రూయంతాం అంటాడు, వార్తలు వినబడు గాక అని. రెండింటికీ ధాతువు ఒక్కటే. శ్రుతి అన్నా, శ్రవణం అన్నా, శ్రోత అన్నా అదే. కీర్తికి వేదంలో శ్రవస్సు అని పేరు. ఈ ఋక్కు వెంబడే అయ్యగారు చదివిన 'స్వస్తి న ఇంద్రో వృద్ధశ్రవాః' అన్న దానిలో ఇంద్రుణ్ణి గొప్ప కీర్తి గలవాడని పిలిచారు. ఒకరి గురించి పదిమంది చెవిన పడేదే కీర్తి. కాబట్టి ఈ పిల్లకు ఇవాళ పెట్టబోయే పేరు దాని సొత్తు అనుకోకండి, అది తన పేరును తాను పిలుచుకునేది తక్కువ. ఆ పేరును పిలిచేది మనం, అది వినేది తాను. బతికినన్నాళ్ళూ ఎక్కువసార్లు దాని చెవిన పడబోయే మాట ఇదే."

అప్పుడు తన పేరు ఎత్తాడు. మా ఇంట్లో ఎవరూ ఆయన నోట ఆ పేరు అంతకుముందు విని ఉండరు.

"నా పేరు మీకందరికీ తెలుసు. పలకడానికి మీరు జంకుతారని నాకూ తెలుసు. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా తోటి పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఇంటికి వచ్చి ఏడిస్తే మా అమ్మ అదే పేరుతో పిలిచి బువ్వ పెట్టేది. ఆమె పిలుపులో చెత్త లేదు. ముగ్గురిని మట్టిలో పెట్టిన తల్లి, నాలుగోవాణ్ణి పోనివ్వనని మృత్యువుతో పంతం పట్టి పెట్టుకున్న పేరు అది. ఆమె ఆ పేరు పెట్టి పిలిస్తే నాకు 'బతుకు నాయనా' అని వినబడేది. మాట హీనమైనది, లోపల ఉన్నది భద్రం. అందుకే మార్చుకోలేదు. ఇందాక ఒక పేరు అనుకున్నారు, 'చాలు' అని. అది హీనమైన మాట కాదు, అన్నం పెట్టేటప్పుడు మనం రోజూ అనే మాటే. కానీ ఆ పేరుతో పిలిస్తే ఈ పిల్లకు లోపల ఏం వినబడుతుంది? 'నువ్వు రాకపోయినా బాగుండేది' అని. నా పేరు నన్ను బతకమంది. ఈ పేరు దీన్ని వద్దంటుంది. చెవికి తేడా తెలుస్తుందమ్మా, నా చెవికి అరవై ఏళ్ళుగా తెలుసు."

డాబా మీద ఎవరూ కదలలేదు. ఆ పెద్దావిడ పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. పెద్దతాత కొంతసేపు ఆగి, గొంతు మళ్ళీ పాఠంలోకి దించాడు.

"ఆపస్తంబుడు గృహ్యసూత్రంలో పదో నాడు తల్లి లేచి స్నానం చేశాక పేరు పెట్టమన్నాడు. మనం ఇరవై ఒకటో నాడు పెట్టుకుంటున్నాం, ఎవరి ఆచారం వారిది. అక్కడ 'నామ దధాతి పితా మాతేతి' అన్నాడు. తండ్రీ తల్లీ ఇద్దరూ పేరు ఉంచాలట. కనుక మా మనవరాలిని కూడా అడగండి. ఆడపిల్ల పేరులో అక్షరాల సంఖ్య బేసి ఉండాలన్నాడు. 'సు' అన్న ఉపసర్గ ఉన్న పేరు నిలిచే పేరు అని కూడా ఒక మాట ఉంది. అది మగపిల్లవాడి పేరు చెబుతున్న చోట ఉంది, కానీ ఆడపిల్లకు వద్దని ఎక్కడా అనలేదు. సుభద్ర. మూడక్షరాలు, సు ఉంది, భద్రం ఉంది. మీకు నచ్చితే పెట్టుకోండి."

వెనక నుంచి ఎవరో, "ఆ సుభద్ర కథ వింటూ నిద్రపోయింది కదా సారూ, కడుపులో అభిమన్యుడు సగమే విన్నాడు" అన్నారు. జనం చెప్పుకునే ఆ కథ ఆయనకు ఇష్టం. "నిజమే. అందుకే ఈ సుభద్ర చివరిదాకా వినాలని అడుగుదాం. మంత్రం చివర దేవహితం యదాయుః అని ఉంది. హితం అంటే మేలు అని తెలుగులో అనుకుంటాం. ఇక్కడ అది ఉంచబడినది. పేరును ఉంచడానికి దధాతి అన్నాడే, ఆ ధాతువే. బృహస్పతిర్దధాతు అన్నదీ అదే. ఆయువును దేవతలు ఉంచుతారు, పేరును అమ్మానాన్నలు ఉంచుతారు. వాళ్ళు ఉంచిన ఆయువు ఎంత అంటే, సూక్తంలో తర్వాతి ఋక్కు చెబుతుంది. 'శతమిన్ను శరదో అంతి దేవాః.' నూరు శరత్తులు మా ముందున్నాయి దేవతలారా, అని. 'పుత్రాసో యత్ర పితరో భవంతి', పిల్లలు తామే తల్లిదండ్రులయ్యేంత కాలం. 'మా నో మధ్యా రీరిషతాయుర్గంతోః', నడుమ మా ఆయువును తెంచవద్దు. మా అమ్మ పెంటకుప్ప దగ్గర అడిగింది ఇదే ఋక్కు, ఆమెకు సంస్కృతం రాదు కాబట్టి నా పేరుతో అడిగింది."

అంతటితో కూర్చున్నాడు. పావుగంట కంటే ఎక్కువే పట్టింది. పురోహితుడు లేచి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. మా అక్క తల ఎత్తి, అందరికీ వినబడేలా, "సుభద్ర" అన్నది. బావ ఉంగరంతో బియ్యంలో ఆ మూడక్షరాలు రాశాడు, 'ద్ర' వద్ద గింజలు జారి క్రావడి చెదిరిపోతే మళ్ళీ సరిదిద్దాడు. తర్వాత ఆ పెద్దావిడే ముందుకు వచ్చి తొట్టెల తాడు పట్టుకుంది.

*

ఆ రాత్రి నేను పెద్దతాతను ఒక సందేహం అడిగాను. పుస్తకంలో 'తుష్టువాంసః' అని ఉంటే పురోహితుడు 'తుష్టువాగ్‌ంసః' అన్నాడేమిటి అని. మన వైపు పురోహితులలో ఎక్కువమంది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖవారని, ఆ శాఖలో శ, ష, స, హ, రేఫల ముందు అనుస్వారాన్ని అలా పలుకుతారని చెప్పాడు. తైత్తిరీయ ఆరణ్యకంలోని అరుణప్రశ్నకు మొదట ఈ మంత్రమే ఉంటుంది, వాళ్ళకు అది అలాగే నోటికి వస్తుందట. "పుస్తకం చూసి నేర్చినవాడు 'వాంసః' అంటాడు, గురువు ముందు కూర్చుని నేర్చినవాడు 'వాగ్‌ంసః' అంటాడు. నేను పుస్తకం చూసి నేర్చినవాణ్ణి" అన్నాడు. ఆ మాటలో ఒక బాధ ఉండేది. మంత్రాన్ని చెవితో అందుకునే అదృష్టం ఆయన చిన్ననాట ఆయన ఇంటివాళ్ళకు లేకపోయింది.

తర్వాత కొన్నేళ్ళకు ఆయనకు వినికిడి తగ్గింది. మొదట మాకు అర్థం కాలేదు. మాట వినబడుతోంది అంటాడు, కానీ ఏమన్నామో తెలియదంటాడు. అక్క పిల్లలు గట్టిగా అరిచేవారు, ఆయన నొప్పి కలిగినట్టు ముఖం పెట్టేవాడు. ఒకనాడు తానే సంగతి కనిపెట్టాడు. "నాకు ఊష్మాలు పోయాయిరా. శ, ష, స వినబడటం లేదు. అచ్చులు బాగానే ఉన్నాయి, గ, ద, బ బాగానే ఉన్నాయి" అన్నాడు. హైదరాబాదులో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే, ఆయన తీసిన గీతలోనూ అదే ఉంది. మంద్రంగా ఉండే ధ్వనుల దగ్గర గీత దాదాపు మామూలుగా ఉండి, సన్నని, హెచ్చు శ్రుతి ధ్వనుల దగ్గరికి వచ్చేసరికి కొండచరియలా కిందికి దిగింది. వయసుతో వచ్చే చెవుడు చాలామందికి ఇలాగే మొదలవుతుందని, అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి తప్ప పోయిన హల్లులు తిరిగి రావని, ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా, నిదానంగా మాట్లాడమని డాక్టరు చెప్పాడు. గౌలిగూడ బస్టాండులో ఆయన పాటించిన పద్ధతి అదే కదా అని నాకు అప్పుడు తోచింది.

యంత్రం పెట్టించాము. చెవికి కొలత తీసి చేసిన అచ్చు సరిగా పట్టక ఈల వేసేది. ఇంట్లో ఉన్నంతసేపు తీసి జేబులో పెట్టుకునేవాడు. రేడియోలో సంస్కృత వార్తలు మానేశాడు. శ్రూయంతాం అన్న మాటలో మొదటి అక్షరమే తనకు అందడం లేదన్నాడు.

సుభద్రకు అప్పుడు ఆరేడేళ్ళుంటాయి. వేసవి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఆయన అరుగు మీదే ఉండేది. ఒక సాయంత్రం ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన మోకాలు తట్టి, "తాతా, నా పేరు చెప్పు" అన్నది. తర్వాత తానే నిదానంగా, "సు... భ... ద్ర" అన్నది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "నాకు 'ఉభద్ర' అని వినబడుతోంది బిడ్డా. సకారం పోయింది, భద్రం ఉంది" అన్నాడు. పిల్లకు ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ విన్నాడు. దీపాలు పెట్టేదాకా ఆ ఆట సాగింది.

*

ఫంక్షన్ హాలులో సుభద్ర లేవలేదు, అరవలేదు. ఒడిలో పిల్ల కదలకుండా కుడిచేయి మాత్రం ఎత్తి, పాటల కుర్రవాణ్ణి దగ్గరికి పిలిచింది. అతను వంగాడు. ఆమె ఏదో చెప్పింది. అతను వెళ్ళి తీగ లాగేశాడు, పెట్టె మీద వెలుగుతున్న ఎర్రదీపం ఆరిపోయింది. వస అరగదీసే పెద్దావిడ కూడా సాన పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పురోహితుడు యువకుడు. మంత్రం మొదటి నుంచి మళ్ళీ చదివాడు. 'తుష్టువాగ్‌ంసః' అన్నాడు, గురువు దగ్గర నేర్చినవాడే. ముగిశాక సుభద్ర తన సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో భద్రపరిచిన ఒక పోస్టుకార్డు తీసి నాకిచ్చింది. పెద్దతాత చేతిరాత. తొట్టెల అయిన వారానికి మా అక్కకు ఊరి నుంచి రాసినది, ఆ తర్వాతి ఋక్కు. "మామా, నువ్వు చదువు" అన్నది. నేను కార్డు చూసి నేర్చుకున్నవాణ్ణే, స్వరం రాదు. అయినా నిదానంగా చదివాను. 'పుత్రాసో యత్ర పితరో భవంతి' దగ్గర మా అక్క వచ్చి కూతురి వెనక నిలబడింది.

అప్పుడు సుభద్ర వంగి, పిల్ల కుడిచెవికి పెదవులు ఆనించి, మాలో ఎవరికీ వినబడకుండా పేరు చెప్పింది. పిల్ల చేతులు ఈసారి చాచలేదు. చప్పుడు వచ్చిన వైపుకు తల తిప్పి, కళ్ళు తెరవకుండానే, అలాగే ఉండిపోయింది.